మెరీనా ఇసుక ఎవరిది?

మొన్న తుఫాను పోయిన మర్నాడు మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. ఏదో మత్స్యకార పల్లె. ఒడ్డున సిమెంటు మెట్లున్న చిన్న ఇల్లు, ఆ మెట్ల కింద నేల లేదు. కిందనుంచి అల వచ్చి పోతోంది. మెట్లు మాత్రం గాల్లో నిలబడి ఉన్నాయి. దాని కింద మా ఎదురింటి పెద్దాయన ఒక్క ముక్క రాశాడు: "పాండిచ్చేరిలో కట్టినట్టు పెద్ద గోడ కట్టేస్తే పోలా?" గంటలో ముప్పై బొటనవేళ్ళు పడ్డాయి.

నేను ఊరుకోలేక "గోడ కడితే ఇల్లు మిగలొచ్చు, బీచ్ మాత్రం మిగలదు" అని పెట్టాను. ఇంకెవరో వెంటనే, "తిరుపతిలో కూర్చుని సముద్రం గురించి చెప్తున్నావు సామీ" అన్నారు. నిజమే, కొండ కింద ఊరు మాది. కానీ 2022లో జిల్లాలు విడదీశాక తిరుపతి జిల్లాకీ సముద్రం వచ్చింది. శ్రీహరికోట, తూపిలిపాళెం, పులికాట్ పాయలు ఇప్పుడు మన జిల్లా మ్యాపులోనే ఉన్నాయి. గ్రూపులో రెండు లైన్లలో తేలే వాదన కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

గోడ కట్టొద్దని నేననడం లేదు. గోడ అడిగేటప్పుడు ఏది కాపాడమని అడుగుతున్నామో, దానికి ఉత్తరాన ఎవరు నష్టపోతారో తెలిసి అడగాలంటున్నా.

## బత్తాయి ఎటు పోయింది

ఇసుక నడుస్తుందంటే మా ఆవిడ నవ్వింది. అందుకే పోయిన ఎండాకాలం పిల్లలతో తూపిలిపాళెం వెళ్ళినప్పుడు ఒక బత్తాయి పట్టుకుపోయాను. అలలు విరిగే చోటికి దాన్ని గట్టిగా విసిరాను. బత్తాయి మునగదు, అలాగని గాలికి ఎగిరిపోయేంత పైకీ తేలదు. అందుకని నీటి నడక చూడ్డానికి బాగా పనికొస్తుంది. విసిరిన చోట ఒడ్డున చెప్పు ఒకటి పెట్టి, ఫోన్లో టైం చూసుకుంటూ దానితోపాటు నడిచాను. రెండు నిమిషాలకి రెండో చెప్పు పెట్టాను. మధ్యలో నలభై అడుగులు, అంటే నా నడకలో సుమారు ముప్పై మీటర్లు. బత్తాయి వెళ్ళింది ఉత్తరానికి. మళ్ళీ విసిరినా ఉత్తరానికే పోయింది.

కారణం కష్టమైందేమీ కాదు. ఎండాకాలం నుంచి నైరుతి రుతుపవనాలు పోయేదాకా మన తీరానికి అలలు దక్షిణం, ఆగ్నేయం వైపు నుంచి ఏటవాలుగా వస్తాయి. ఒడ్డు మీదికి ఎక్కే నీరు ఏటవాలుగా ఎక్కుతుంది, దిగేటప్పుడు మాత్రం పల్లానికి తిన్నగా జారిపోతుంది. అందుకని ప్రతి అలకీ ఇసుక రేణువు ఒక రంపపు పన్ను గీసినట్టు కాస్త ఉత్తరానికి జరుగుతుంది. అంతకన్నా ఎక్కువ ఇసుక అలలు విరిగే చోట, నీళ్ళలో కలిసి, ఒడ్డు వెంట పారే ప్రవాహంలో పోతుంది. నా బత్తాయిని తీసుకుపోయింది ఆ ప్రవాహమే.

నవంబరు వచ్చాక ఈశాన్యపు గాలులతో కథ తిరగబడుతుంది. జనవరిలో వేసి చూస్తే బత్తాయి దక్షిణానికి పోవాలి. కానీ ఉత్తరానికి పోయే నెలలు ఎక్కువ కాబట్టి, ఏడాది మొత్తం మీద తీసివేతలన్నీ పోగా తూర్పు తీరంలో ఇసుక ప్రయాణం ఉత్తరానికే.

ఇక్కడ ఒక చిన్న లెక్క తెలిస్తే తుఫానంటే ఇంజినీర్లు ఎందుకు భయపడతారో అర్థమవుతుంది. విరిగే అల ఎత్తు రెట్టింపయితే ఇసుక రవాణా రెట్టింపు కాదు, అయిదున్నర రెట్లు దాటుతుంది. అలలు ఒడ్డుని తాకే కోణం కూడా అంతే ముఖ్యం. అయిదు డిగ్రీల నుంచి పది డిగ్రీలకి తిరిగితే చాలు, రవాణా దాదాపు రెండింతలు. అంటే మామూలు రోజుల్లో వారాల తరబడి కదిలే ఇసుకని పెద్ద అలలు నాలుగు రోజుల్లో లాక్కుపోగలవు.

## రెండున్నర నిమిషాలకొక ట్రాక్టరు

మన తిరుపతి వాళ్ళకి సముద్రమంటే మెరీనాయే. ఆస్పత్రి పని మీదో, చీరలకో చెన్నై పోయి, సాయంత్రం మెరీనాలో సుండల్ తిని, రాత్రి బస్సు ఎక్కుతాం. అంత వెడల్పు ఇసుక చూసి అది అనాదిగా ఉందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. మా పెద్దనాన్నని రాయపురం వైపు ఒక ఆస్పత్రిలో చేర్చినప్పుడు, మధ్యాహ్నం ఖాళీ దొరికితే సముద్రం చూద్దామని నడిచాను. అక్కడ రోడ్డు, రోడ్డు పక్కన నల్లరాళ్ళ కుప్ప, రాళ్ళని కొడుతున్న నీళ్ళు. కాలు పెట్టడానికి ఇసుక లేదు. మెరీనా నుంచి ఆటోలో ఎంతో దూరం కాదు. అదే సముద్రం, అదే ఊరు.

రెండింటికీ మధ్యలో ఉన్నది హార్బరు. 1870ల్లో మద్రాసు రేవుకి సముద్రంలోకి చేతులు చాచినట్టు రెండు బ్రేక్‌వాటర్లు, అంటే అలల్ని ఆపే కట్టలు, కట్టడం మొదలుపెట్టారు. 1881 తుఫాను వాటిని చాలావరకు కొట్టేసింది, మళ్ళీ కట్టారు. ఉత్తరానికి నడుస్తున్న ఇసుక ఆ దక్షిణపు చేతికి తగిలి ఆగింది. ఆగిన చోట మేట వేసింది, ఆ మేటే ఇవాళ మనం సుండల్ తినే మెరీనా. అంతకుముందు అక్కడ సముద్రం ఇప్పటి రోడ్డుకి చాలా దగ్గరగా ఉండేది. మేట ఎంతగా వచ్చిందంటే, మొదట్లో తూర్పు ముఖంగా ఉన్న రేవు ద్వారం ఇసుకతో పూడుకుపోతుంటే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాన్ని మూసి ఈశాన్యం వైపు కొత్త ద్వారం తెరవాల్సి వచ్చింది.

ఆ ఇసుక ఎంతో ఊహించుకోవడానికి నాకు ట్రాక్టర్ లెక్క బాగా పనికొచ్చింది. చెన్నై దగ్గర ఏడాదికి నికరంగా ఉత్తరానికి పోయే ఇసుక మీద అంచనాలు రకరకాలు. తరచుగా వినిపించేవి 6 లక్షల నుంచి 10 లక్షల ఘనపు మీటర్ల మధ్య ఉంటాయి. తక్కువదే తీసుకుందాం. మన ఊళ్ళో ఇల్లు కట్టేవాళ్ళు తోలించుకునే ట్రాక్టర్ లోడు సుమారు 3 ఘనపు మీటర్లు. అంటే ఏడాదికి 2 లక్షల ట్రాక్టర్లు. రాత్రీ పగలూ, పండగా పబ్బం లేకుండా, దాదాపు రెండున్నర నిమిషాలకొక ట్రాక్టరు మెరీనా ముందునుంచి ఉత్తరానికి పోతున్నట్టు. ఒకరోజు ఆ దారికి అడ్డంగా గేటు వేశారు.

గేటుకి ఉత్తరాన ఏమవుతుంది? అలలు ఆగవు, వాటి శక్తీ తగ్గదు. రాయపురం ముందునుంచి అవి ఎప్పట్లాగే ఏడాదికి 2 లక్షల ట్రాక్టర్లు ఎత్తుకుపోతూనే ఉంటాయి. కొత్తవి మాత్రం రావు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇసుక కదలడం వల్ల బీచ్ పోదు. వచ్చేదీ పోయేదీ సమానమైతే, ఎంత కదిలినా బీచ్ ఉన్నచోటే ఉంటుంది. మన బ్యాంకు ఖాతాలో జీతం పడుతూ ఈఎంఐలు పోతూ ఉన్నట్టే. జీతం ఆగిన నెల నుంచి కష్టం మొదలవుతుంది.

ఈ లోటు ఒడ్డుని ఎంత వెనక్కి నెడుతుందో కూడా చూద్దాం. అలలు కదిలించే ఇసుక ఒడ్డు మీద పైనే ఉండదు. గట్టు పైభాగం నుంచి నీళ్ళలో కొంత లోతు దాకా ఉంటుంది. గట్టు 2 మీటర్లు, నీళ్ళలో 6 మీటర్లు అనుకుంటే మొత్తం 8 మీటర్ల మందం. ఒడ్డు ఒక చదరపు మీటరు పోవాలంటే 8 ఘనపు మీటర్ల ఇసుక పోవాలి. 6 లక్షల్ని 8తో భాగిస్తే 75,000 చదరపు మీటర్లు. ఆ లోటంతా హార్బరుకి ఉత్తరాన 5 కిలోమీటర్ల మీదే పడిందనుకుంటే, ఏడాదికి 15 మీటర్లు.

ఇది కాగితం మీది లెక్క. నిజంలో లోటు ఇంకా పొడుగునా పరుచుకుంటుంది. దక్షిణాన మేట నిండేకొద్దీ కొంత ఇసుక చేతుల్ని చుట్టుకుని దాటిపోతుంది. రాళ్ళు వేసిన చోట ఒడ్డు జరగడానికి వీల్లేక, నీళ్ళ కింది నేల లోతవుతుంది. కానీ ఒక ఇంటి ముందు పదిహేను మీటర్లంటే ఎంతో మీకు తెలుసు. మా వీధి వెడల్పు అంత లేదు.

## గోడ ముందు ఏం జరుగుతుంది

ఇప్పుడు మా ఎదురింటి పెద్దాయన గోడ దగ్గరికి వద్దాం. ఒడ్డు ఏటా కొంచెం కొంచెం వెనక్కి జరుగుతోంది. మనం ఒక గీత గీసి, "ఇక్కడిదాకానే" అని గోడ కట్టాం. గోడ వెనక నేల ఆగింది. కానీ ఖాతాలో లోటు అలాగే ఉంది కదా, గోడ ఒక్క ట్రాక్టరు ఇసుకనీ తెచ్చి పోయలేదు. నీటి అంచు వెనక్కి జరుగుతూ వచ్చి ఒకరోజు గోడని తాకుతుంది. ఆ రోజుకి బీచ్ అయిపోయినట్టు. దీనికి గోడ ఏ దుర్మార్గమూ చేయక్కర్లేదు, కదలకుండా నిలబడితే చాలు.

రెండోది, గోడ వెనక ఉన్న ఇసుక దిబ్బ నిజానికి ఆ బీచ్ పొదుపు డబ్బు. తుఫానులో అలలు దిబ్బని కోసి ఆ ఇసుకని ఒడ్డుకి కొంచెం దూరంగా నీళ్ళలో మెట్టలా పరుస్తాయి. ఆ మెట్ట మీద తర్వాతి అలలు ముందే విరిగి, ఒడ్డుని చేరేసరికి బలం తగ్గుతుంది. ప్రశాంతంగా ఉండే నెలల్లో అదే ఇసుక మెల్లగా తిరిగి ఒడ్డెక్కుతుంది. గోడ కట్టాక ఆ దిబ్బ తాళం వేసిన బీరువాలో పడినట్టే.

మూడోది డబ్బు సంగతి. లోతు తక్కువ నీళ్ళలో అల ఎంత పెద్దది రాగలదో లోతే నిర్ణయిస్తుంది. అల ఎత్తు నీటి లోతులో సుమారు ఎనభై శాతానికి చేరగానే విరిగిపోతుంది. గోడ ముందు ఒక మీటరు లోతు ఉన్నంతకాలం ఎనభై సెంటీమీటర్లకి మించిన అల గోడని కొట్టలేదు. ఇసుక పోయి లోతు రెండు మీటర్లయితే మీటరున్నర దాటిన అల కొడుతుంది. అల రెట్టింపయితే దానికి తట్టుకోవాల్సిన రాయి బరువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. కట్టిన రోజు అర టన్ను రాళ్ళతో నిలబడ్డ గోడకి కొన్నేళ్ళ తర్వాత నాలుగు టన్నుల రాళ్ళు కావాలి. రాళ్ళు ఏటా కుంగుతున్నాయి, మళ్ళీ తోలుతున్నారు అని పేపర్లో చదివినప్పుడల్లా అందరం కాంట్రాక్టర్ని తిడతాం. తిట్టాల్సింది ఉండొచ్చు. కానీ నిజాయితీగా కట్టిన గోడకైనా ఈ ఖర్చు తప్పదు.

ఇంకొక ఆరోపణ తరచుగా వింటాం. గోడని కొట్టి వెనక్కి మళ్ళిన అల ముందున్న ఇసుకని తవ్వేస్తుందని, గోడే బీచ్‌ని మింగుతుందని. దీని మీద నాకు అనుమానం ఉంది. గోడ పాదం దగ్గర గుంట పడే మాట వాస్తవమే. కానీ తుఫానులో పడ్డ గుంట తర్వాత పూడిన సందర్భాలూ ఉన్నాయి, ఇంజినీర్లలోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. లోటు లేని బీచ్‌లో, నీటి అంచుకి బాగా వెనక కట్టిన గోడ పెద్దగా హాని చేయదు. గోడలన్నీ రాక్షసులని చెప్పి వాదన గెలవాలని నాకు లేదు.

అనుమానం లేనిది గోడ చివర సంగతి. రాళ్ళు ఎక్కడ ఆగాయో, ఆ పక్కనే ఉత్తరాన నేల విల్లులా లోపలికి కోసుకుపోతుంది. గోడ వెనక తాళం పడ్డ ఇసుక ఆ పక్క ఊరికి అందాల్సింది. అది అందక అక్కడ లోటు మొదలవుతుంది. అప్పుడు ఆ ఊరివాళ్ళూ గోడ అడుగుతారు.

## పాండిచ్చేరి ముచ్చట

పెద్దాయన ఉదాహరణే తీసుకుంటా. పాండిచ్చేరిలో సాయంత్రం నడిచే ఆ రోడ్డు నాకూ ఇష్టం. కానీ అక్కడి ముసలివాళ్ళని అడిగితే, రోడ్డు కింద పిల్లలు ఆడుకునే ఇసుక ఉండేదని చెప్తారు. ఊరికి దక్షిణాన 1989 ప్రాంతంలో హార్బరు బ్రేక్‌వాటర్లు వచ్చాయి. దక్షిణాన ఆగిన ఇసుకని పంపులతో ఉత్తరానికి తోడిపోయాలన్నది అసలు ప్లాన్లోనే ఉంది, అది జరగాల్సినట్టు జరగలేదు. బీచ్ పోయింది, రాళ్ళు పోశారు. కోత ఉత్తరానికి జరిగి కేంద్రపాలిత ప్రాంతపు సరిహద్దు దాటి తమిళనాడు పల్లెల్లో పడింది. అక్కడా రాళ్ళు, గ్రోయిన్లు వచ్చాయి. గ్రోయిన్ అంటే ఒడ్డుకి అడ్డంగా నీళ్ళలోకి వేసే రాళ్ళ కట్ట. తన దక్షిణాన కాస్త ఇసుక పట్టుకుంటుంది, తన ఉత్తరాన ఉన్నవాడికి ఎగ్గొడుతుంది. హార్బరు చేసిన పనే, చిన్న సైజులో.

2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళు అక్కడ నీళ్ళ అడుగున త్రికోణాకారంలో ఒక దిబ్బ కట్టారు. అలల బలం దాని మీద కొంత తగ్గి, దాని నీడలో ఇసుక నిలిచి, రోడ్డు కింద మళ్ళీ కొంత బీచ్ వచ్చింది. పిల్లలు మళ్ళీ ఇసుకలో ఆడుతున్నారు. అంటే మనం మెచ్చుకుంటున్న పాండిచ్చేరిలో బీచ్ తిరిగొచ్చింది గోడ వల్ల కాదు.

విశాఖలో ఇంకో పద్ధతి ఉంది. రేవు దగ్గర చేరే ఇసుకని డ్రెడ్జరుతో తీసి ఆర్కే బీచ్ వైపు పోస్తారు. గేటు దగ్గర ఆగిన ట్రాక్టర్లని మనమే అవతలికి తోలినట్టు. నాకు బుద్ధిగా అనిపించేది ఇదే. కానీ దీనికి చివరంటూ లేదు. ఏ ఏడాది బడ్జెట్ ఆగితే ఆ ఏడాది నుంచే మళ్ళీ కోత.

## "ఇల్లు పోతోంది సార్"

బత్తాయి విసిరిన రోజు నన్ను చూసి వల బాగుచేసుకుంటున్న ఒకాయన దగ్గరికొచ్చాడు. అరవై ఉంటాయి. ఏం చేస్తున్నానని అడిగితే చెప్పాను. ఉత్తరానికే పోతుందని ఆయనకి నాకన్నా బాగా తెలుసు, కార్తీకం దాటాక తిరగబడుతుందనీ తెలుసు. పులికాట్‌కి సముద్రం నుంచి నీళ్ళొచ్చే మొగ ఇసుకతో పూడుకుపోతే చేపా రొయ్యా లోపలికి రావని, అదంతా నడిచొచ్చే ఇసుకేనని ఆయనే చెప్పాడు. గోడ గురించి నేను నా వాదన మొదలుపెట్టాను. మొత్తం విని, "ఇదంతా బాగుంది సార్. మా బావమరిది ఇల్లు పోతోంది. ఆయనకేం చెప్పమంటారు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. ఇసుక లెక్కలు చెప్పడం నాకు తేలిక, ఎందుకంటే నా ఇల్లు సముద్రానికి వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉన్న ఊరు వదిలి వెనక్కి జరగమంటే, పడవ ఎక్కడ పెట్టుకోవాలి, వల ఎక్కడ ఆరేసుకోవాలి? అసలు బీచ్ పోతే వాళ్ళ పనికి చోటే ఉండదు. రాళ్ళ మీదికి పడవ లాగలేరు. అదే మాట నేను ఆయనతో అంటే, "అందుకే కదా సార్, గోడా కావాలి, పడవకి ఇసకా కావాలి" అన్నాడు. అంటే ఆయనకి అంతా తెలుసు. ఒక్క గోడతో రెండూ రావని కూడా తెలుసనే నా అనుమానం. తెలిసీ అడుగుతున్నాడు, ఎందుకంటే గోడ తప్ప ఇంకేదీ ఇవ్వజూపినవాళ్ళు లేరు.

ఇంకో మాట అన్నాడు, అది ఇంటిదాకా నాతో వచ్చింది. "మీ స్వర్ణముఖి ఇసకే కదా సార్, మా ఒడ్డుకి రావల్సింది." ఆ నది తిరుపతి పక్కనుంచి, శ్రీకాళహస్తి మీదుగా పోయి వాకాడు వైపు సముద్రంలో కలుస్తుంది. ఇసుక ఖాతాలో పడే జీతం మన నదుల నుంచే వస్తుంది. మా ఇంటి గోడల్లో, స్లాబులో ఉన్నది ఆ ఇసుకే. పదిహేను ట్రాక్టర్ లోడ్లు తోలించినట్టు గుర్తు, బేరమాడి మరీ. 2021 నవంబరు వరదలకి స్వర్ణముఖి పొంగినప్పుడు ఊరంతా నష్టం గురించే మాట్లాడుకున్నాం. అలాంటి వరదల్లోనే నది ఎక్కువ ఇసుకని సముద్రందాకా మోసుకెళ్తుందని అప్పుడు నాకు తట్టనే లేదు. హార్బరు ఒక్కటే గేటు కాదు. చెక్‌డ్యాములూ, నా పదిహేను ట్రాక్టర్లూ కూడా చిన్న గేట్లే.

కాబట్టి ఇప్పుడు గ్రూపులో అడిగితే నేను చెప్పేది ఇది: కొన్ని ఇళ్ళ ముందు, రేపు పొద్దున్నే పడిపోయేవాటి ముందు, రాళ్ళు వేయక తప్పదు. కానీ ఆ ఎస్టిమేట్లోనే ఉత్తరపు చివర ఏమవుతుందో, అక్కడ ఏటా ఎన్ని లోడ్ల ఇసుక ఎవరు పోస్తారో రాసి ఉండాలి. అది లేని గోడ, కోతని పక్క ఊరికి బదిలీ చేసే ఆర్డరు.

అన్నిటికన్నా ముందు, నిజంగా కోతేనా అన్నది తేల్చుకోవాలి. తుఫాను మర్నాడు తీసిన వీడియోలో ఏ బీచ్ అయినా పోయినట్టే కనిపిస్తుంది. ఆ ఇసుకలో కొంత కనుచూపు మేరలోనే నీళ్ళ కింద మెట్టగా ఉంటుంది, వేసవికి తిరిగొస్తుంది. ఏప్రిల్ ఫోటోని డిసెంబరు ఫోటోతో పోలిస్తే తప్పుడు లెక్క వస్తుంది. ఏప్రిల్‌ని ఏప్రిల్‌తోనే పోల్చాలి, అదీ ఒకటి రెండేళ్ళు కాదు, కొన్నేళ్ళు.

ఆ మాటే ఆ రోజు తూపిలిపాళెంలో వల బాగుచేసుకుంటున్న ఆయనతో అని, సరుగుడు తోపులో అంచున ఉన్న ఒక చెట్టు చూపించి, ప్రతి అమావాస్యకీ పోటు ఎక్కువగా వచ్చినప్పుడు తడి అంచుదాకా అడుగులు లెక్కపెట్టి చెప్పమన్నాను. చేస్తాడనుకోలేదు. చేస్తున్నాడు. మాటలేమీ ఉండవు, అంకె ఒక్కటే మెసేజి వస్తుంది. 61, 63, 64, 60, 58, 51. తుఫాను తర్వాత 37. నిన్న అమావాస్య, 40 అని పెట్టి, కింద రాశాడు: "ఏప్రిల్‌దాకా చూడమన్నారుగా సార్, చూస్తన్నా."